నూట నాలుగు వ్యాసాలు, ఒక పుస్తకం: కత్తెర పట్టే ముందు లెక్క రాయండి

పత్రికలో రాసిన వ్యాసాలు ఓ వంద పోగయ్యాక, వాటిని పుస్తకంగా వేద్దామనిపిస్తుంది. తేదీల వారీగా పేర్చి, ముందుమాట ఒకటి రాసి, అచ్చుకిస్తే సరిపోతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మిద్దెతోట గురించి రెండు వారాలకొకటి చొప్పున 2017 నుంచి 2020 దాకా నాలుగేళ్లు రాసిన 104 వ్యాసాలను వరసగా పేర్చి డీటీపీ చేయించాను. డెమ్మీ సైజులో మూడు వందల పేజీలు దాటింది. ఆ ప్రూఫు మా వదినకిచ్చాను. అప్పుడే ఇల్లు కట్టుకున్నారు, మిద్దె మీద ఒక్క కుండీ కూడా లేదు. సరిగ్గా అలాంటి వాళ్ల కోసమే కదా పుస్తకం అనుకున్నాను.

పది రోజుల తర్వాత కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. "మట్టి కలపడం ఎన్నిసార్లు చెప్తావయ్యా? అంత చెప్పావు గానీ, అసలు మా మిద్దె ఆ బరువు మోస్తుందో లేదో ఎక్కడా లేదేం?" అంది.

ఈ రెండు ప్రశ్నలూ ఒకే చోట పుట్టాయి. పత్రికలో చదివేవాళ్లకు కిందటి వ్యాసం గుర్తుండదు, కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొస్తాం. అదే సమయంలో, రాయడం మొదలుపెట్టే నాటికే మనకు బాగా తెలిసిపోయిన విషయాన్ని ఎప్పటికీ రాయం. అందుకే వ్యాసాల కట్టలో కొన్ని ఇరవై సార్లుంటాయి, కొన్ని ఒక్కసారి కూడా ఉండవు. పుస్తకం చేయడమంటే ఈ రెంటినీ సరిచేయడమే. అది ఎలా చేయాలో, నా కట్టతో నేను చేసిన వరసలోనే చెప్తాను.

మొదట ఖాతా రాయండి, దిద్దకండి

వ్యాసాలన్నీ ఒకే ఫైల్లోకి తెచ్చి, తేదీ ప్రకారం ఒకటి నుంచి నంబర్లు వేయండి. ఈ నంబరు చివరిదాకా మారకూడదు. పాత వ్యాసాలు అను ఫాంట్లలో ఉంటే ముందే యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేకపోతే వెతకడం కుదరదు. మార్పిడిలో వత్తులు కొన్ని చెదురుతాయి. వాటిని ఇప్పుడు దిద్దుతూ కూర్చోవద్దు, ఎందుకంటే ఆ వాక్యాల్లో సగం పుస్తకంలో ఉండవు.

తర్వాత ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని, ఒక్కో వ్యాసానికి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో ఈ వ్యాసం చదివినవాళ్లు ఏం చేయగలుగుతారో ఒక్క వాక్యంలో రాయండి. రెండో గడిలో దారిలో ఏమేం వివరించారో, మూడో గడిలో ఏ పిట్టకథ చెప్పారో రాయండి. నాలుగో గడిలో ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతారా లేదా అన్నది. నా 37వ వ్యాసం వరస ఇలా ఉంది: "కుండీలో టమాటా పెంచడం. మట్టి మిశ్రమం, నారు పోయడం, వేపనూనె, కర్ర పాతడం. అమ్మ ఆనపపాదు కథ. వేపనూనె మోతాదు తప్పు."

రోజుకు పది వ్యాసాలు చొప్పున పదకొండు రోజులు పట్టింది. ఈ పదకొండు రోజులూ ఒక్క వాక్యం కూడా దిద్దకూడదు. దిద్దడం మొదలుపెడితే ప్రతి వ్యాసం విడివిడిగా బాగుపడుతుంది, నున్నగా తయారవుతుంది, ఆ తర్వాత దాన్ని కోయడానికి చేయి రాదు.

మొదటి గడి ఏ వ్యాసానికి ఖాళీగా మిగిలిందో గమనించండి. నాకు తొమ్మిది వ్యాసాలకు అలా మిగిలింది. పండగ సంచికకనో, చోటు నింపడానికనో రాసినవి. వాటిని అప్పుడే పక్కన పెట్టేయవచ్చు.

ఎక్కువసార్లు వచ్చినదే అధ్యాయం

ఖాతా పూర్తయ్యాక రెండో గడిని మాత్రం లెక్కపెట్టండి. నాకు మట్టి మిశ్రమం 23 వ్యాసాల్లో, వేపనూనె 19 వ్యాసాల్లో, ఎండాకాలం నీళ్లు పెట్టడం 17 వ్యాసాల్లో, నారు పోయడం 12 వ్యాసాల్లో వచ్చాయి. టమాటా మీద మాత్రం మూడు వ్యాసాలే ఉన్నాయి.

ఈ లెక్క చూడగానే నాకు ముందు సిగ్గేసింది, తర్వాత దారి కనిపించింది. ఒక విషయాన్ని 23 సార్లు మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే, అది లేకుండా మిగతావేవీ నిలబడవన్నమాట. దానికి తనదంటూ ఒక చోటు లేక ప్రతి వ్యాసంలోనూ తలదాచుకుంది. పుస్తకంలో దానికొక అధ్యాయం కడితే మిగతా 22 చోట్ల నుంచీ అదే లేచిపోతుంది. కాబట్టి పునరుక్తిని చూసిన వెంటనే కొట్టేయకండి. ముందు లెక్కపెట్టండి, అధ్యాయాలేవో అదే చెబుతుంది.

ఇక వరస. నా ముందు మూడు దారులున్నాయి. నెలల వారీగా పెట్టొచ్చు, కూరగాయల వారీగా పెట్టొచ్చు, చేసే పనుల వారీగా పెట్టొచ్చు. మూడింటినీ కాగితం మీద ఒక ప్రశ్నతో పరీక్షించాను: మట్టి మిశ్రమం ఎన్నిసార్లు చెప్పాల్సొస్తుంది? కూరగాయల వారీగా పెడితే బెండ దగ్గరా, వంగ దగ్గరా, బీర దగ్గరా చెప్పాలి. నెలల వారీగా పెడితే జనవరిలో ఒక్కసారి చెబితే చాలు గానీ, తొలకరికి పుస్తకం కొని జూన్ దగ్గర తెరిచినవాళ్లకు అది కనపడదు. పనుల వారీగా పెడితే ఒక్కసారే చెప్తాం, అదీ విత్తనం చేతికి రాకముందే వస్తుంది.

అలా మొదటి భాగం ఎనిమిది అధ్యాయాలైంది: మిద్దె, కుండీలు, మట్టి, విత్తనం, నీళ్లు, ఎరువులు, పందిరి, తెగుళ్లు. రెండో భాగంలో ఒక్కో కూరగాయకు రెండేసి పేజీలు, ఆ మొక్కకే ప్రత్యేకమైన సంగతులు మాత్రమే. మీ వ్యాసాలు ప్రయాణాల మీదైనా, పాతకాలపు సినిమాల మీదైనా, పిల్లల చదువు మీదైనా పరీక్ష ఇదే. మీ ఖాతాలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన విషయం ఏ వరసలో ఒక్కసారితో తీరిపోతుందో చూడండి. తేదీల వరస ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ నెగ్గదు. అది మీరు రాసిన వరస, చదివేవాళ్లకు కావలసిన వరస కాదు.

వ్యాసాన్ని చీటీలుగా కోయండి

ఇది మనసుకు కష్టమైన పని. ఇకనుంచి వ్యాసం లెక్కలోకి రాదు, అందులోని ముక్కే లెక్క. నేను వ్యాసాలన్నీ ఒక వైపు మాత్రమే ప్రింటు తీసి, నిజంగానే కత్తెరతో కోశాను. ఒక్కో ముక్క ఒకే సంగతి చెప్పాలి. ప్రతి ముక్క మూల మీద వ్యాసం నంబరు వేయాలి, ఎందుకంటే తర్వాత ఎప్పుడో "ఇది ఏ ఏడు రాశాను?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 290 చీటీలయ్యాయి. హాల్లో చాప పరిచి, అధ్యాయానికో కుప్ప పోశాను.

కంప్యూటర్లో చేయలేమా అంటే చేయొచ్చు. కానీ తెర మీద ఒక్కసారికి నాలుగైదు ముక్కలే కనపడతాయి. చాప మీద మట్టి కుప్ప మూరెడు ఎత్తున, పందిరి కుప్ప మూడు చీటీలతో పక్కపక్కనే కనిపిస్తాయి. ఎక్కడ కోయాలో, ఎక్కడ కొత్తగా రాయాలో కళ్లే చెప్తాయి.

ఏ కుప్పలోనూ ఇమడనివి 31 చీటీలు మిగిలాయి. అందులో కడియం నర్సరీలకు వెళ్లొచ్చినప్పుడు రాసిన వ్యాసం మొత్తం ఉంది. నా వ్యాసాలన్నిట్లో నాకు బాగా ఇష్టమైంది అదే. దాని కోసం "యాత్రలు" అని ఒక అధ్యాయం పెడదామని రెండు రోజులు తంటాలు పడ్డాను. చివరికి, అక్కడి మొక్క కొనేటప్పుడు తొట్టి అడుగున వేరు ఎలా చూడాలో చెప్పిన రెండు వాక్యాలు విత్తనం అధ్యాయంలోకి వెళ్లాయి, మిగతాది పెట్టెలోకి వెళ్లింది. ఒక్క వ్యాసాన్ని నిలబెట్టడానికి అధ్యాయం కడితే, ఆ అధ్యాయం దగ్గర పుస్తకం ఆగిపోతుంది.

మూడు చీటీల్లోంచి ఒక పేరా

ఇప్పుడు ఒక్కో కుప్ప తీసుకుని కలపండి. తెగుళ్ల కుప్పలో వేపనూనె మీద 19 చీటీలున్నాయి. వాటిలో మూడు చూడండి.

2017 మేలో రాసింది: "లీటరు నీటికి పది మి.లీ. వేపనూనె కలిపి పొద్దున్నే కొట్టండి, పిండినల్లి పోతుంది."

2018 ఆగస్టులో: "లీటరుకు అయిదు మి.లీ. చాలు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి కాస్త కుంకుడు రసం వేయండి."

2020 ఫిబ్రవరిలో: "ఎండ తగ్గాకే కొట్టండి, లేకపోతే ఆకు మాడుతుంది. లేత మొక్కలకు మూడు మి.లీ. దాటొద్దు."

ఇక్కడ చాలామంది బాగా రాసిన చీటీ ఒకటి ఎంచుకుని మిగతావి తీసేస్తారు. అలా చేస్తే మిగతా చీటీల్లో మాత్రమే ఉన్న సంగతి పోతుంది. కుంకుడు రసం ఒక చోటే ఉంది, లేత మొక్కల మోతాదు ఇంకో చోటే ఉంది. మూడూ ఎదురుగా పెట్టుకుని, వాటిని మూసేసి, కొత్తగా ఒక పేరా రాయండి. రాశాక మళ్లీ చీటీలు తెరిచి ఏదైనా జారిపోయిందేమో చూసుకోండి. పుస్తకంలో చివరికి ఇలా వచ్చింది:

"లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, లేత మొక్కలకైతే 3 మి.లీ. ముందు నూనెను కాస్త కుంకుడు రసంలో బాగా గిలక్కొట్టి, తర్వాత నీళ్లు పోయండి. సాయంత్రం ఎండ తగ్గాక, ఆకు అడుగు వైపు తడిసేలా కొట్టండి. మొదటిసారైతే ఒక్క మొక్క మీద కొట్టి మర్నాటి దాకా ఆగి చూడండి. నేను తొలి రోజుల్లో 10 మి.లీ. కలిపి పొద్దున్నే కొట్టేవాణ్ణి. మధ్యాహ్నానికి వంగ ఆకుల అంచులు మాడిపోయేవి."

చివరి రెండు వాక్యాలు కావాలనే ఉంచాను. నాలుగేళ్లలో మీ అభిప్రాయం మారినచోట కొత్త మాట రాసి ఊరుకోవద్దు, మారిందని కూడా చెప్పండి. పాత వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్లుంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది నమ్మాలో వాళ్లకు తెలియాలి.

పిట్టకథల సంగతి వేరు, వాటిని కలపలేం. మా అమ్మ పూరిపాక మీదికి ఆనపపాదు ఎక్కించిన కథ నాలుగు వ్యాసాల్లో చెప్పాను. నాలుగింటిలో బాగా కుదిరింది టమాటా వ్యాసంలోనిది. కానీ దాన్ని పందిరి అధ్యాయంలో పెట్టాను. పాదు బరువును ఏది మోస్తుందో, కాయ ఎందుకు వేలాడాలో అక్కడే చెప్పాలి, ఆ కథ ఉంటే ఆ పని సులువవుతుంది. కథ ఎక్కడ అందంగా ఉందని కాదు, ఎక్కడ దాని అవసరం ఉందని చూడండి. మిగతా మూడు చోట్ల "అమ్మ ఆనపపాదులాగే" అన్న మాట కూడా మిగలకుండా తీసేయండి. అసలు కథ రాకముందు అలాంటి మాట కనిపిస్తే చదివేవాళ్లు ఏదో పేజీ పోయిందనుకుంటారు.

ఎత్తుగడలూ ముగింపులూ

నా కట్ట మొత్తం 73 వేల పదాలు. తర్వాత కొత్తగా రాసిన నాలుగు వేలు కలిపినా పుస్తకం 46 వేలకే వచ్చింది. అంటే పోయినవి 31 వేలు. వాటిలో మట్టి మిశ్రమం, వేపనూనె లాంటివే ఎక్కువని నేననుకున్నాను. లెక్కేస్తే అలా లేదు. ఒక్కో వ్యాసం మొదట్లో పాఠకుణ్ణి పిలవడానికి సుమారు 90 పదాలు, చివర సెలవు తీసుకోవడానికి 60 పదాలు వాడాను. 104 వ్యాసాలకు అది 15 వేల ఆరువందలు. సగానికి పైగా బరువు అక్కడే ఉంది.

పత్రికలో ఎత్తుగడ కావాలి, పక్కన ఇంకో వ్యాసం, ఓ ప్రకటన పాఠకుణ్ణి లాగుతుంటాయి. పుస్తకం కొన్నవాళ్లను ప్రతి ఏడువందల పదాలకూ కొత్తగా పిలవనక్కర్లేదు. అందుకే అన్ని వ్యాసాల మొదటి పేరా, చివరి పేరా తీసేసి చూడండి. రెండో పేరాతోనే అసలు సంగతి మొదలవుతుందని మీకే తెలుస్తుంది. ముగింపుల్లో ఇంకో చిక్కుంది. విడివిడిగా చదివినప్పుడు కనపడదు గానీ, అన్నీ ఒక చోట చేర్చి చదివితే మనం ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పామని బయటపడుతుంది. "ఇంటి కూర రుచే వేరు" అన్న అర్థం వచ్చే వాక్యంతో నేను 40కి పైగా వ్యాసాలు ముగించాను. పుస్తకంలో ఆ మాట ఒక్కచోటా లేదు. లేదన్న లోటూ ఎవరికీ తెలియలేదు.

తీసేశాక ముక్కల మధ్య అతుకులు బయటపడతాయి. అక్కడ "ఇక ఇప్పుడు ఎరువుల గురించి చూద్దాం" లాంటి వంతెనలు కట్టకండి. పై ముక్క చివర మిగిలిన ప్రశ్ననే పట్టుకుని కింది ముక్క మొదలుపెట్టండి. నీళ్ల అధ్యాయం చివర "రెండు నెలలకు మట్టిలో సారం అయిపోతుంది" అని ఉంటే, ఎరువుల అధ్యాయం "సారం అయిపోయిందని ఆకే చెబుతుంది" అని మొదలవుతుంది. వంతెన అక్కర్లేదు. అలాంటి వాక్యం ఎంత వెతికినా దొరకలేదంటే, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన ఉండాల్సినవి కావేమో చూసుకోండి. నాకు రెండుసార్లు అలా అధ్యాయంలోని వరసే మారింది.

లేనివి రాయండి

మా వదిన రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు. చాప మీద "మిద్దె" కుప్పకు పేరైతే ఉంది, చీటీ ఒక్కటీ లేదు. నేను రాయడం మొదలుపెట్టే నాటికే నా కుండీలు మిద్దె మీదున్నాయి, కాబట్టి ఆ సంగతి రాయాలనే తట్టలేదు. పాత వ్యాసాలను ఎన్నిసార్లు తిరగేసినా ఇలాంటి లోటు కనపడదు. విషయం బొత్తిగా తెలియని మనిషికి మీ అధ్యాయాల పేర్లు మాత్రమే చదివి వినిపించి, "దీనికి ముందు నీకేం తెలియాలి?" అని అడిగితే బయటపడుతుంది.

ఆ అధ్యాయం కొత్తగా రాశాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టి దాదాపు 28 లీటర్లు పడుతుంది, తడిమట్టితో నింపితే 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అలాంటివి ఇరవై పెడితే ఎంతవుతుందో అక్కడ లెక్కగట్టి, పెద్ద తొట్లు కింద గోడలో దూలాలో ఉన్న చోటే ఎందుకు పెట్టాలో రాశాను. ఏదేమైనా ఇంజనీరుకు మిద్దె చూపించి అడగమని రాశాను. మొత్తం మీద కొత్తగా రాసింది నాలుగు వేల పదాలే. కానీ ఆ నాలుగు వేలు లేకపోతే మిగతా పుస్తకం గాలిలో వేలాడుతుంది.

కాలం మాటలు వెతకండి

"ఈ వారం", "మొన్నటి వానకు", "కిందటి సంచికలో", "ఈమధ్య చాలామంది అడుగుతున్నారు". ఇవన్నీ పుస్తకంలో అర్థం లేని మాటలు. కంప్యూటర్లో వెతికేటప్పుడు ఒక్క "వారం" అని కొడితే చాలదు, "వారానికి", "వారాల్లో" అందులోకి రావు. విభక్తి మారిన ప్రతి రూపాన్నీ విడిగా వెతకండి. ఏడాది ముఖ్యమైన చోట అంకె వేయండి, ముఖ్యం కాని చోట మాట తీసేయండి. ధరలు నేను పూర్తిగా తీసేశాను. ఇదే చేత్తో పదాల పట్టిక ఒకటి రాసుకోండి: మిద్దెతోటా, మిద్దె తోటా? "కంపోస్టు" అనా, "కంపోస్ట్" అనా? నాలుగేళ్లలో రెండు రకాలుగానూ రాసి ఉంటారు. ఏదో ఒకటి ఖాయం చేసి గోడకు అంటించుకోండి.

చివరి చదువు

పాత వ్యాసాలు చదవని ఒకరిని వెతికి, మొదటి పేజీ నుంచి వరసగా చదవమనండి. అభిప్రాయం అడగొద్దు. అంచు మీద రెండే గుర్తులు పెట్టమనండి. ముందే చదివాననిపించిన చోట సున్నా, ఇది ముందు చెప్పి ఉండాల్సిందనిపించిన చోట ఇంటూ. సున్నా పడిన చోట ఇంకా కోయాలి. ఇంటూ పడిన చోట వరస తప్పింది, లేదా మీరు కోసిన దానిలో అవసరమైన ముక్క పోయింది. ఎక్కువ కోసేశామని తెలిసేది ఈ ఇంటూల వల్లనే.

నేను మళ్లీ మా వదినకే ఇచ్చాను. మొదటిసారి ప్రూఫు చదివింది కాబట్టి బొత్తిగా కొత్త కాదు, అందుకని ఆవిడతో పాటు ఎదురింటి కుర్రాడికి కూడా ఒక కాపీ ఇచ్చాను. ఇద్దరివీ కలిపి 14 సున్నాలు, 9 ఇంటూలు వచ్చాయి. ఇంటూల్లో అయిదు ఒకే తప్పు వల్ల వచ్చాయి. "వేపపిండి" అన్న మాటను ఎరువుల అధ్యాయంలో వివరించి, దానికంటే ముందున్న మట్టి అధ్యాయంలోనే వాడేశాను. రెండు వాక్యాల ఆ వివరణను మట్టి అధ్యాయంలోకి జరిపితే అయిదూ పోయాయి.

సున్నాల్లో పదకొండు కోసేశాను. మూడు వదిలేశాను. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివేవాళ్లకు అవి పునరుక్తే, కానీ తెగులు కనపడగానే పుస్తకం తెచ్చి వంగ పేజీ తెరిచేవాళ్లుంటారు. వాళ్ల కోసం వేపనూనె మోతాదు వంగ దగ్గరా, బెండ దగ్గరా ఒక్కో వాక్యంగా ఉండిపోయింది, పక్కన తెగుళ్ల అధ్యాయం పేజీ నంబరుతో. మూడోది తొట్టి బరువు. మిద్దె అధ్యాయంలో చెప్పాను, కుండీల అధ్యాయంలో మళ్లీ చెప్పాను. పెద్ద తొట్టి కొనే ముందు ఆ రెండో అధ్యాయం ఒక్కటే చదివే మనిషి ఉంటాడు, అతనికి ఆ అంకె కనపడి తీరాలి.

46 వేల పదాలు, పేజీకి 230 చొప్పున 200 పేజీలయ్యాయి. మొదటి పేజీలూ, చివర పదసూచికా కలిపి 208. అచ్చులో పుస్తకాన్ని పదహారు పేజీల ఫారాలుగా వేస్తారు, అవి సరిగ్గా పదమూడయ్యాయి.